సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు: కేటాయింపు, బాకీల లెక్క

సెలవు పెట్టిన ఉపాధ్యాయుల తరగతులకు, ఆ వేళకు పాఠం లేని మరొకరిని పంపడాన్ని మన బడుల్లో సబ్‌స్టిట్యూషన్ అంటారు. కొన్నిచోట్ల అడ్జస్ట్‌మెంట్ పీరియడ్ అనే మాట వాడుకలో ఉంది. అలా వెళ్లిన టీచరు వదులుకునేది తన లీజర్ పీరియడ్‌ను. పేరుకు లీజర్ అయినా అది నోటుబుక్కులు దిద్దుకోవడానికి, మరుసటి పాఠం సిద్ధం చేసుకోవడానికి, మార్కులు ఎక్కించడానికి టైంటేబుల్ ఇచ్చిన పని సమయం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉపాధ్యాయుల కనీస పనిగంటలు వారానికి 45 అని ఉంది, అందులో పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా కలిసే ఉంది. కాబట్టి లీజర్ పీరియడ్‌ను తీసుకున్న ప్రతిసారీ బడి ఆ టీచరుకు ఒక పీరియడ్ బాకీ పడుతుంది. ఆ బాకీని ఎవరికెంత అని రాసుకుంటూ, దాన్నిబట్టే మరుసటి రోజు ఎవరిని పంపాలో తేల్చుకోవడం ఈ వ్యాసం విషయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని మధ్యరకం ఉన్నత పాఠశాలను నమూనాగా తీసుకుంటున్నాం.

ఎంతమంది ఖాళీగా ఉంటారు

ఆరు నుంచి పది దాకా తరగతికి రెండేసి సెక్షన్లు, మొత్తం పది సెక్షన్లు ఉన్న బడి అనుకుందాం. రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు. ఒక్కో సెక్షన్‌కు వారంలో 48 పీరియడ్లు, అన్ని సెక్షన్లకూ కలిపి 480. బోధించేవారు పద్నాలుగు మంది ఉంటే వాళ్లందరి చేతిలో ఉన్న పీరియడ్లు 672. తేడా 192. వారం మొత్తం మీద ఆ బడిలో ఉన్న లీజర్ పీరియడ్లు అవే. ఏ పీరియడ్‌లో చూసినా పదిమంది తరగతుల్లో, నలుగురు బయట ఉంటారు.

కేటాయింపుకు ఉన్న హద్దు ఇక్కడే కనిపిస్తుంది. నలుగురు ఒకేరోజు రాకపోతే మిగిలేది పదిమందే. సెక్షన్లూ పదే. ఆ రోజు ఎవరికీ లీజర్ ఉండదు. ఐదోవారు కూడా రాకపోతే రెండు సెక్షన్లను ఒకే గదిలో కూర్చోబెట్టడం తప్ప దారి లేదు. టీచర్ల సంఖ్యలోంచి సెక్షన్ల సంఖ్య తీసేస్తే వచ్చేది ఆ బడి ఒకరోజుకు తట్టుకోగల గైర్హాజరు. ఈ ఒక్క అంకె తెలిస్తే, శిక్షణకు ఒకే తేదీన ముగ్గుర్ని పంపమని ఉత్తర్వు వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయులు ఎదురు చెప్పడానికి గట్టి ఆధారం దొరుకుతుంది.

మామూలు రోజుల్లో అవసరం ఎంతో కూడా లెక్కకట్టవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉపాధ్యాయులకు ఏడాదికి 15 సాధారణ, 7 ప్రత్యేక ఆకస్మిక సెలవులున్నాయి. పద్నాలుగు మందీ వాటిని పూర్తిగా వాడుకుంటే 308 రోజులు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చట్టం చెప్పిన కనీస పనిదినాలు 220 కాబట్టి సగటున రోజుకు 1.4 మంది రారు. ఒక్కొక్కరికి రోజుకు ఆరుకు కాస్త తక్కువగా పాఠాలుంటాయి. అంటే రోజుకు ఎనిమిది పీరియడ్ల దాకా ఎవరో ఒకరు కవర్ చేయాలి. మహిళా ఉపాధ్యాయులకున్న అదనపు సెలవులు, శిక్షణలు, మూల్యాంకన విధులు ఈ లెక్కలో లేవు. రోజుకు ఎనిమిది అంటే నెలలో దాదాపు రెండు వందలు. అన్ని పీరియడ్లను ఎవరూ జ్ఞాపకం మీద సమంగా పంచలేరు.

ఉదయం ప్రేయర్ లోపు

కేటాయింపు చేసేది ప్రధానోపాధ్యాయులు గాని, వారు అప్పగించిన సీనియర్ టీచరు గాని. ఆ టీచరుకు కావలసినవి మూడు: సెలవు చీటీలు, మాస్టర్ టైంటేబుల్, నిన్నటి దాకా తేల్చిన ఖాతా. ముందుగా రానివారి పేరు రాసి, ఎదురుగా వారి పీరియడ్లు, సెక్షన్లు రాస్తారు. తర్వాత ఒక్కో పీరియడ్‌కు ఖాళీగా ఉన్నవారి పేర్లు టైంటేబుల్‌లోంచి దింపుతారు. ఆ పేర్లలోంచి ఖాతా చూసి ఒకరిని ఎంచుతారు. పుస్తకాన్ని అటెండర్ తీసుకెళ్లి సంతకాలు చేయిస్తాడు.

సంతకం ఇక్కడ కేవలం మర్యాద కాదు. ఆ పీరియడ్‌కు వెళ్లమని చెప్పారన్న సంగతి అది రుజువు చేస్తుంది. వెళ్లారన్న సంగతిని మాత్రం రుజువు చేయదు. అందుకని జాగ్రత్తగా నడిపే రిజిస్టర్లలో మరో గడి ఉంటుంది. తరగతి లీడరు దగ్గరున్న పీరియడ్ పుస్తకంతో సాయంత్రం సరిచూసి, తరగతి నిజంగా జరిగిందో లేదో అందులో టిక్ పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ముఖ గుర్తింపు యాప్‌తో హాజరు వేస్తున్నారు గాని, బడికి ఎవరు రాలేదో చెప్పే హాజరుకు ఏ గదిలో పిల్లలు టీచరు లేకుండా కూర్చున్నారో తెలియదు. ఆ వివరం సబ్‌స్టిట్యూషన్ రిజిస్టరులో తప్ప మరెక్కడా దొరకదు.

వరస ఎంత బాగా రాసుకున్నా, వెళ్లిన టీచరుకు గదిలో ఏం చేయాలో తెలియకపోతే ఆ నలభై నిమిషాలూ వృథా. ముందే తెలిసిన సెలవైతే రాని టీచరు ప్రతి సెక్షన్‌కూ చిన్న పని చీటీ పెట్టి వెళ్లాలి: ఏ పుట, ఏ లెక్కలు, ఎవరి నోటుబుక్కులు పోగుచేయాలి. అనుకోని సెలవుల కోసం ఒక్కో తరగతికి రెండు మూడు పీరియడ్లకు సరిపడా పని స్టాఫ్ రూమ్ బీరువాలో సిద్ధంగా ఉంచుకోవాలి.

ఎవరి వంతు: ఒక మంగళవారం

చాలా బడుల్లో ఎవరు ఎన్ని కవర్ చేశారో కేవలం అంకెలుగా రాసి, తక్కువ చేసినవారిని పంపుతారు. ఇది పూర్తి న్యాయం కాదు. వారానికి 36 పాఠాలు చెప్పే టీచరుకు ఉన్న లీజర్లు 12. 28 చెప్పేవారికి 20. ఇద్దరినీ ఐదేసిసార్లు పంపితే మొదటివారి విరామంలో పెద్ద ముక్కే పోతుంది. అందుకే వాటా పద్ధతి మేలు. అప్పటి దాకా బడిలో జరిగిన మొత్తం కవర్లను, అందరి లీజర్ల నిష్పత్తిలో పంచితే ఒక్కొక్కరి వాటా వస్తుంది. చేసినది వాటాకు మించితే ఆ మేరకు జమ. అంటే బడి వారికి బాకీ. తగ్గితే లోటు.

నెలలో ఆరు పనిదినాలు గడిచాయి. రోజుకు ఎనిమిది చొప్పున 48 కవర్లు జరిగాయి. వారపు లీజర్లు 192 కాబట్టి ప్రతి నాలుగు లీజర్లకు ఒక కవర్ వాటా పడుతుంది. ఏడో రోజు మంగళవారం. గణితం టీచరు ఆకస్మిక సెలవులో, ఇంగ్లిష్ టీచరు మండల శిక్షణలో ఉన్నారు. ఇద్దరికీ ఐదేసి పాఠాలు. ఆ రోజు పూరించాల్సినవి పది పీరియడ్లు. వాటిలో చిక్కు నాలుగో పీరియడ్‌తోనే. గణితం టీచరు ఎనిమిది ఎ సెక్షన్‌లో, ఇంగ్లిష్ టీచరు పది ఎ సెక్షన్‌లో ఉండాల్సిన వేళ అది. ఖాళీగా ఉన్నవారు నలుగురు.

తెలుగు టీచరుకు లీజర్లు 12, వాటా 3, చేసినవి 4. ఒకటి జమ. సోషల్ టీచరుకు లీజర్లు 16, వాటా 4, చేసినవి 3. ఒకటి లోటు. బయాలజీ టీచరుకు లీజర్లు 20, వాటా 5, చేసినవి 4. ఒకటి లోటు. పీఈటీకి కూడా లీజర్లు 20, వాటా 5, కాని చేసినవి 8. మూడు జమ.

ఖాతా ప్రకారం వెళ్లాల్సినవారు సోషల్, బయాలజీ టీచర్లు. బయాలజీ టీచరు విషయంలో ఇబ్బంది లేదు. ఆమె పది ఎ సెక్షన్‌కు రోజూ పాఠం చెప్పేవారే కాబట్టి అక్కడికి వెళ్తే తన పాఠాన్నే ముందుకు నడుపుకోవచ్చు. సోషల్ టీచరుకు మాత్రం ఆ ఉదయం మొదటి మూడు పీరియడ్లూ పాఠాలే. నాలుగోది కూడా ఇస్తే భోజనం గంట దాకా కూర్చునే వీలుండదు. వరసగా నాలుగు ఇవ్వకూడదన్న నియమం ఆ బడిలో ఉంది. కాబట్టి ఆయన్ను వదిలి, తర్వాత తక్కువ జమ ఉన్న తెలుగు టీచరును ఎనిమిది ఎ సెక్షన్‌కు పంపారు. రిజిస్టరులో పక్కనే కారణం రాశారు.

రోజు ముగిసేసరికి మొత్తం 58. అందరి వాటాలూ కొంచెం పెరిగాయి. తెలుగు టీచరు వాటా 3.6, చేసినవి 5. జమ 1.4కు చేరింది. సోషల్ టీచరు ఆ రోజు ఇంకేమీ చేయకపోతే వాటా 4.8కి పెరిగి, లోటు 1.8 అవుతుంది. ఆయన్ను ఆ పూట వదిలేసిన సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రేపటి వరసలో ఆయన పేరు దానంతటదే పైకి వస్తుంది. వాటా పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. కేటాయించేవారు ఒక రోజున దయ చూపవచ్చు. ఆ దయ ఖర్చు మాత్రం ఇంకొకరి నెత్తిన శాశ్వతంగా పడదు.

పీఈటీ ఎనిమిది చేయడం ఊహించి పెట్టినదే అయినా, స్టాఫ్ రూమ్‌లో పనిచేసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు. పిల్లల్ని గ్రౌండ్‌కు తీసుకెళ్తారు, అడగడం తేలిక అని ఆయన్నే పంపుతుంటారు. కాంట్రాక్టు మీద చేరినవారి పరిస్థితీ అదే. కాదనలేని స్థితిలో ఉన్నవారి మీదికి కవర్లు జరుగుతూ పోతాయి. ఖాతా ఉన్నప్పుడు ఆ మూడు జమ అందరి కళ్లముందూ కనబడుతుంది.

ఏది కవర్, ఏది కాదు

రిజిస్టరులో ప్రతి వరసకూ రకం రాయకపోతే లెక్క మెల్లగా చెడిపోతుంది. లీజర్ వదులుకుని వెళ్తేనే అది పూర్తి కవర్. మిగతా మూడు రకాలను విడిగా చూడాలి.

మొదటిది మార్పిడి. ఇంగ్లిష్ టీచరుకు శిక్షణ ఉందని వారం ముందే తెలుసు. ఆయన సోషల్ టీచరుతో మాట్లాడుకుని, మంగళవారం నా పీరియడ్ మీరు తీసుకోండి, శుక్రవారం మీది నేను తీసుకుంటాను అనుకోవచ్చు. పిల్లలకు ఏ సబ్జెక్టులోనూ పాఠం పోదు. బడికి బాకీ లేదు. బాకీ ఇద్దరి మధ్యే, దానికి తీరే తేదీ ఉంది. దీన్ని కవర్‌గా రాస్తే ఒకరికి అనవసరంగా జమ పడుతుంది. శుక్రవారం మరో కారణంతో ఆ పీరియడ్ తిరిగి రాకపోతే మాత్రం అప్పుడు కవర్‌గా మార్చి రాయాలి.

రెండోది ఖాళీ అయిన పీరియడ్. పదో తరగతి పిల్లలు విహారయాత్రకు వెళ్లిన రోజున వారికి చెప్పే టీచర్లకు పాఠం ఉండదు. ఆ వేళ మరో సెక్షన్‌కు వెళ్తే వారు వదులుకున్న లీజర్ ఏదీ లేదు. వెళ్లినట్టు రాయాలి, జమ వేయకూడదు. మార్చిలో పదో తరగతి పరీక్షల కాలంలో ఈ తేడా పాటించకపోతే, పై తరగతులకు చెప్పేవారి ఖాతాలు కష్టం లేకుండానే పెరుగుతాయి.

మూడోది కలిపిన తరగతి. తన సెక్షన్‌తోపాటు పక్క సెక్షన్ పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకున్న టీచరు లీజరేమీ వదులుకోలేదు. కాని ఎనభై మందిని సముదాయించారు. దీనికి అర కవర్ జమ వేయడం సబబు. ఏ విలువ వేసినా విద్యా సంవత్సరం మొదట్లోనే స్టాఫ్ మీటింగ్‌లో తేల్చుకోవాలి. మధ్యలో మారిస్తే అది ఎవరో ఒకరి కోసం మార్చినట్టే ఉంటుంది.

వీటన్నిటికీ కావలసింది ఒక పొడవాటి పట్టిక: తేదీ, పీరియడ్, సెక్షన్, రానివారు, వెళ్లినవారు, రకం. ఒక కవర్‌కు ఒక వరస. మొత్తాలను చేత్తో దిద్దకుండా ఆ వరసల్లోంచే తీయాలి. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ ఉంటే, వెళ్లినవారి పేరు E నిలువు వరసలోనూ రకం F లోనూ ఉన్నప్పుడు, సోషల్ టీచరు చేసిన పూర్తి కవర్లను ఈ ఒక్క సూత్రం చెబుతుంది:

```
=COUNTIFS(E:E,"సోషల్",F:F,"కవర్")
```

పెద్ద ప్రైవేటు బడులు వాడే టైంటేబుల్ సాఫ్ట్‌వేర్లలో, ఆస్ట్రియాలో తయారైన అన్‌టిస్, స్లొవేకియాలో తయారైన ఏఎస్‌సీ టైంటేబుల్స్ వంటివాటిలో, ఈ పనికి ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. ఖాళీగా ఉన్నవారిని అవే చూపిస్తాయి. కాని ఏది పూర్తి కవరో, ఏది అర కవరో బడే తేల్చి వాటికి చెప్పాలి.

సెలవు పెట్టినవారి ఖాతా

ఎక్కువ వివాదం వచ్చేది ఇక్కడ. నా పీరియడ్లు వాళ్లు చేశారు కదా, నేను సెలవు పెట్టినందుకు నా ఖాతాలో లోటు పడుతుందా? పడకూడదు. సెలవు హక్కు. జ్వరమొచ్చినవారికి, చంటిబిడ్డ తల్లికి లోటు వేస్తే, సెలవు పెట్టి తిరిగివచ్చాక శిక్ష అనుభవించినట్టవుతుంది. దాని ఫలితం కూడా చెడ్డది. ఒంట్లో బాగోలేకపోయినా బడికి వచ్చి కూర్చుంటారు.

అయితే మరో పొరపాటుకు వీలుంది. పది రోజులు సెలవులో ఉన్నవారికి మిగతావారితో సమానంగా వాటా వేస్తే, తిరిగి వచ్చేసరికి వారి పేరు మీద పెద్ద లోటు పేరుకుని ఉంటుంది. మొదటి వారమంతా వారినే పంపుతారు. పైకి కనబడకుండా అదీ శిక్షే. దీనికి విరుగుడు తేలిక. వాటా కట్టేటప్పుడు వారపు లీజర్లకు బదులు, బడిలో ఉన్న రోజుల్లో ఉన్న లీజర్లనే లెక్కించాలి. రాని రోజున లీజరూ లేదు, వాటా లేదు.

దీర్ఘకాలపు సెలవులకు ఈ ఖాతా పనికిరాదు. ప్రసూతి సెలవు 180 రోజులు. అన్ని రోజులు వేర్వేరు టీచర్లు వచ్చి కూర్చుంటే ఆ సెక్షన్లకు ఆ సబ్జెక్టు ఆ ఏడాదికి లేనట్టే. సెలవు రెండు వారాలు దాటేలా ఉంటే టైంటేబుల్‌నే మార్చి, పాఠాలను అదే సబ్జెక్టు చెప్పగలవారికి పంచాలి. లేదా మరో బడి నుంచి సర్దుబాటు కోరాలి. ఒక్కరే టీచరున్న ప్రాథమిక పాఠశాలల్లో ఒక్కరోజు సెలవుకైనా బయటివారు రావాల్సిందే. అక్కడ కవర్ బాధ్యత మండల విద్యాశాఖాధికారిది. ఆంధ్రప్రదేశ్‌లో క్లస్టర్‌కు కేటాయించిన మొబైల్ టీచర్లు, అంటే సీఆర్‌ఎంటీలు, ఇలాంటి బడులకు వెళ్తారు.

హద్దు ఎక్కడ పెట్టారు

మన రాష్ట్రాల్లో ఒక టీచరు చేత ఎన్ని సబ్‌స్టిట్యూషన్లు చేయించవచ్చన్న హద్దును ఆ బడే పెట్టుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2003 జనవరిలో ప్రభుత్వం, యాజమాన్యాలు, సంఘాలు కుదుర్చుకున్న ఒప్పందంతో ఇది నిబంధనల్లోకి ఎక్కింది. 2004 సెప్టెంబరు నుంచి ఒక టీచరు ఏడాదికి 38 గంటలకు మించి కవర్ చేయనక్కర్లేదన్నారు. 2005 సెప్టెంబరు నుంచి బోధన సమయంలో కనీసం పదో వంతును పాఠాల తయారీకి ఇవ్వాలి, దాన్ని కవర్ కోసం తీసుకోకూడదు. 2009 సెప్టెంబరు నుంచి టీచర్లు అరుదుగా, ముందుగా ఊహించలేని సందర్భాల్లోనే కవర్ చేయాలన్నారు. ఆ ఖాళీని పూరించడానికి కవర్ సూపర్‌వైజర్లనే ఉద్యోగులు వచ్చారు. వీరు కొత్త పాఠం చెప్పరు, ఇచ్చిన పనిని పిల్లలచేత చేయిస్తారు.

జర్మనీలోని నార్త్ రైన్ వెస్ట్‌ఫేలియా రాష్ట్రంలో నెలవారీ లెక్క నడుస్తుంది. పూర్తికాలపు టీచరు నెలలో మూడు అదనపు పీరియడ్ల దాకా వేతనం లేకుండా చేయాలి. నాలుగో పీరియడ్ చేశారంటే మొదటి దాని నుంచీ డబ్బు లెక్కకు వస్తుంది. అదే నెలలో వారి పాఠాలేవైనా రద్దయి ఉంటే వాటిని ఇందులోంచి తీసేస్తారు. విహారయాత్ర పీరియడ్‌కు జమ వేయకూడదని పైన చెప్పినదానికి ఇది అధికారిక రూపం. ఈ నెలవారీ గీతలో ఒక లోపం ఉంది. ఈ నెల మూడు, వచ్చే నెల మూడు చేసినవారికి ఏమీ రాదు. ఒకే నెలలో ఆరు చేసినవారికి ఆరింటికీ వస్తుంది. అందుకే వాటా ఖాతాను నెలాఖరున సున్నాకు తేకుండా కొనసాగించడం మంచిది.

లెక్క చెడిందని ఎలా తెలుస్తుంది

వాటా పద్ధతిలో ఒక సహజమైన తనిఖీ ఉంది. అందరి జమలూ లోటులూ కూడితే ఎప్పుడైనా సున్నా రావాలి. రాకపోతే ఎక్కడో ఒక కవర్ ఎవరి ఖాతాలోనూ చేరలేదు, లేదా రెండుసార్లు చేరింది, లేదా ఒకరి లీజర్ల సంఖ్య తప్పు. టైంటేబుల్ మధ్యలో మారినప్పుడు లీజర్ల అంకెలు మార్చడం మరిచిపోతుంటారు. ముందుగా అక్కడ వెతకాలి.

సున్నా వచ్చినంత మాత్రాన అంతా సవ్యంగా ఉందనుకోవద్దు. అన్ని కవర్ల బరువూ ఒకటి కాదు. ఒకరికి ఉదయం రెండో పీరియడ్లో, మరొకరికి ఎప్పుడూ శనివారం చివరి పీరియడ్లో పడుతుండవచ్చు. సంఖ్య సమానమే, కష్టం సమానం కాదు. రిజిస్టరును పీరియడ్ వారీగా వడపోసి చూస్తే ఇది బయటపడుతుంది. ఒకే సిరాతో, ఒకే దస్తూరీతో నెల మొత్తం సంతకాలు కనిపిస్తే పుస్తకాన్ని నెలాఖరున కూర్చుని నింపారని అర్థం. అలాంటి రిజిస్టరు ఏ తగవునూ తీర్చలేదు. కారణం గడిలో ఒకే టీచరు పక్కన పదేపదే మినహాయింపు కనబడితే మాట్లాడాల్సింది వారితో. పరీక్షల బాధ్యతో, మధ్యాహ్న భోజనం లెక్కలో నిజంగా మోస్తున్నవారైతే, రోజూ మినహాయించే బదులు వారి లీజర్ల సంఖ్యనే తగ్గించి రాయాలి. అప్పుడు వాటా కూడా తగ్గి, ఇచ్చిన రాయితీ అందరికీ ఒకే అంకెగా కనిపిస్తుంది.

బాకీ తీర్చడం

జమ ఉన్నవారికి బడి మూడు విధాలుగా తీర్చగలదు. మొదటిది, లోటు ఉన్నవారిని ముందు పంపి వీరిని కొన్నాళ్లు వదిలేయడం. ఖర్చులేని పద్ధతి, ప్రభుత్వ బడుల్లో నడవగలిగిందీ ఇదే. రెండోది, చివరి పీరియడ్ లీజరైన రోజున ముందుగా వెళ్లడానికి అనుమతి. ఇది ప్రధానోపాధ్యాయుల విచక్షణలో ఉంటుంది. అదే పూట ఇద్దరు రాకపోతే కుదరదు. మూడోది డబ్బు. కొన్ని ప్రైవేటు యాజమాన్యాలు పీరియడ్‌కు ఇంత అని ఇస్తాయి. డబ్బిచ్చిన కవర్‌ను ఖాతాలో జమగా ఉంచకూడదు. ఉంచితే ఒకే పీరియడ్‌కు రెండుసార్లు చెల్లించినట్టవుతుంది.

సెలవు రోజున బడికి వచ్చి పనిచేస్తే వచ్చే పరిహార సెలవును దీనితో కలపరాదు. అది రోజు లెక్క, ఉత్తర్వుల ప్రకారం వచ్చేది. కవర్ జమ పీరియడ్ లెక్క, బడి లోపలిది. ఎనిమిది కవర్లు జమ ఉన్నాయి కాబట్టి ఒకరోజు సెలవు ఇవ్వండని అడిగితే ప్రధానోపాధ్యాయులు ఇవ్వలేరు. ఈ సంగతి ఖాతా తెరిచిన రోజునే అందరికీ తెలియాలి.

ఖాతాను దసరా, సంక్రాంతి సెలవులకు ముందు తేల్చి, మిగిలిన జమను గోడమీద పెట్టి ముందుకు తీసుకెళ్లడం చాలు. విద్యా సంవత్సరం చివర ఒకటి రెండు పీరియడ్ల తేడా ఉంటే సున్నా చేయవచ్చు. నాలుగైదు ఉంటే జూన్‌లో కొత్త ఖాతాకు ఎక్కించాలి. బదిలీ అయినవారి జమ మాత్రం వారితో కొత్త బడికి వెళ్లదు, అక్కడ దాన్ని తీర్చేవారు ఉండరు. అందుకే బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి రిలీవ్ అయ్యేదాకా, జమ ఉన్న టీచరు పేరును కేటాయింపు జాబితాలో అందరికంటే కింద రాయాలి.